పేజీ రీచ్ ఎందుకు పడిపోతుంది?

రీచ్ అంటే ఒక పోస్టును ఎంతమంది వేర్వేరు మనుషులు చూశారన్న లెక్క. ఫేస్‌బుక్ వ్యాపార పేజీలో ఇది ఉన్నట్టుండి పడిపోతే చాలామంది ముందు అల్గారిదమ్‌నే తిట్టుకుంటారు. కారణం ఒక్కోసారి అంతకంటే మామూలుది.

ఒక చీరల దుకాణం పేజీకి దసరా నెలలో రీచ్ 40,000 వచ్చి, మరుసటి నెల 9,000కు పడిందనుకుందాం. Insights లో విడదీసి చూస్తే, అందులో సుమారు 26,000 డబ్బు కట్టి నడిపిన ప్రకటనది. పోస్టులవారీగా చూస్తే మరో 6,000 ఒక్క రీల్ తెచ్చింది. రెండూ తీసేస్తే మిగిలేది 8,000. అంటే పేజీ నిజంగా పడిపోనేలేదు. (ఒకే మనిషి రెండుచోట్లా లెక్కకు రావచ్చు కాబట్టి ఈ కూడికలు ఉజ్జాయింపే.)

ఈ రెండూ కారణం కాకపోతే చూసింది ఫాలోవర్లా, బయటివారా అన్నది గమనించాలి. ఫాలోవర్లలోనూ తగ్గితే పోస్టుల్లోనే ఏదో మారి ఉంటుంది: రోజూ పెట్టేవి వారానికొకటి కావడం, వీడియోల బదులు ధరల పోస్టర్లే నింపడం, ‘లైక్ కొట్టండి, షేర్ చేయండి’ అని పదేపదే అడగడం. ఈ అడుక్కునే పోస్టులను ఫేస్‌బుక్ 2017 నుంచే కిందికి నెడుతోంది.

బయటివారు మాత్రమే ఒక తేదీ నుంచి నిట్టనిలువునా తగ్గితే, కొత్తవారికి పేజీని సూచించడం ఆగిందేమోనని అనుమానించాలి. ఇతరుల వీడియోలు ఎత్తిపెట్టినా ఇలా జరగవచ్చు. Page Status లో ఉల్లంఘన నమోదైతే కనిపిస్తుంది. అది చూడకుండా మళ్లీ ప్రకటనకు డబ్బు కడితే అంకె పెరుగుతుంది, జబ్బు అలాగే ఉంటుంది.