పిడికిలి చెప్పే వయసు, నడక చెప్పే వయసు

నేల మీద నాలుగు మీటర్ల దూరంలో రెండు టేపు గీతలు, ఒక స్టాప్‌వాచి, చేతిపట్టు కొలిచే డైనమోమీటరు. పెద్దవాళ్ల ఒంట్లో సత్తువ ఎంత మిగిలిందో అంచనా కట్టడానికి ఈ సామాను చాలు. రక్తం తీయనక్కర్లేదు, స్కానింగు అక్కర్లేదు. పది నిమిషాల్లో పని అయిపోతుంది.

ఈ కొలతల నుంచి వయసు ఎలా వస్తుంది? పద్ధతి సులువే. ముందుగా వేలమందిని కొలిచి, ఏ వయసువాళ్లకు సగటున ఎంత పట్టు, ఎంత నడక వేగం ఉంటుందో పట్టిక వేస్తారు. తర్వాత ఒక మనిషి కొలత ఆ పట్టికలో ఏ వయసు దగ్గర పడుతుందో చూస్తారు. 70 ఏళ్ల మనిషి పట్టు 75 ఏళ్లవాళ్ల సగటుతో సమానంగా ఉంటే, పట్టు లెక్కన ఆయన వయసు 75. జనాభా శాస్త్రవేత్తలు వారెన్ శాండర్సన్, సెర్గీ షెర్బోవ్ ఈ ఆలోచనను పట్టుకుని అమెరికాలో పెద్దవాళ్ల చేతిపట్టును పరిశీలించి 2014లో ఒక అధ్యయనం ప్రచురించారు. స్కూలు చదువు పూర్తిచేయని 65 ఏళ్ల తెల్లజాతి ఆడవాళ్ల పట్టు, చదువు పూర్తిచేసిన 69 ఏళ్లవాళ్ల పట్టుతో సమానంగా ఉందని అందులో తేలింది. పుట్టిన తేదీ ప్రకారం ఒకే ఈడువాళ్లయినా, ఒళ్లు అరిగిన తీరులో నాలుగేళ్ల తేడా!

ఇన్ని కొలతలుండగా ఈ రెండే ఎందుకు? నడవాలంటే గుండె, ఊపిరితిత్తులు, నరాలు, కళ్లు, మోకాళ్లు, తూకం నిలిపే లోచెవి, అన్నీ ఒకేసారి పనిచేయాలి. వాటిలో ఏది దెబ్బతిన్నా వేగం తగ్గుతుంది. పిడికిలి బలం మొత్తం ఒంటి కండ బలానికి ఒక నమూనా. భారత్ సహా 17 దేశాల్లో జరిగిన ప్యూర్ అధ్యయనం 2015లో వెల్లడించిన ప్రకారం, పట్టు 5 కిలోలు తక్కువైన చోట మరణ ముప్పు 16 శాతం ఎక్కువగా కనిపించింది. అలాగని రబ్బరు బంతి నొక్కుతూ కూర్చుంటే ఆయుష్షు పెరగదు. అలా చేస్తే ముంజేయి గట్టిపడుతుంది, అంతే. పట్టు సూచిక మాత్రమే, కారణం కాదు.

కొలిచే తీరులోనే చాలా తప్పులు దొర్లుతాయి. పట్టు చూసేటప్పుడు మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, మోచేయి లంబకోణంలో మడిచి, ముంజేయిని కుర్చీ చేతి మీద ఆనించాలి. రెండు చేతులతో మార్చి మార్చి మూడేసిసార్లు, ఊపిరి బిగబట్టకుండా, చేతనైనంత గట్టిగా నొక్కమనాలి. అన్నిటిలోకీ ఎక్కువ వచ్చిన అంకెను తీసుకోవాలి. పిడి వెడల్పు చేతికి సరిపోకపోతే చిన్న చేతులున్న ఆడవాళ్ల బలం ఉన్నదానికంటే తక్కువగా నమోదవుతుంది. బొటనవేలి కీలు నొప్పి ఉన్నా అంతే.

నడక పరీక్షలో పొరపాటు ఎక్కువగా మాటతోనే వస్తుంది. "త్వరగా నడవండి" అంటే పెద్దవాళ్లు పరుగు లాంటి నడక మొదలుపెడతారు. "అమ్మా, రోజూ బజారుకి ఎలా నడుస్తారో అలాగే నడవండి" అనాలి. గీతకు ఒక మీటరు ముందు నుంచి బయల్దేరి, రెండో గీత దాటి మరో మీటరు వరకు నడవాలి. గడియారం మాత్రం గీతల మధ్యనే నడవాలి. చేతికర్ర వాడేవాళ్లు కర్రతోనే నడవచ్చు, కానీ ఆ సంగతి రాసిపెట్టాలి. నాలుగు మీటర్లకు నాలుగు సెకన్లు పడితే వేగం సెకనుకు ఒక మీటరు, ఐదు సెకన్లు పడితే 0.8. ఈ రెండూ గుర్తుంచుకోదగ్గవి. ఆసియా దేశాల నిపుణుల బృందం 2019లో, సెకనుకు ఒక మీటరు కంటే తక్కువ వేగాన్ని కండ క్షీణత విషయంలో హెచ్చరికగా పెట్టింది. పట్టుకు గీత మగవాళ్లకు 28 కిలోలు, ఆడవాళ్లకు 18.

ఇప్పుడు 70 ఏళ్ల ఒక అమ్మగారి లెక్క వేసి చూద్దాం. ఈ మనిషి, పట్టికలోని సగటులు పద్ధతి అర్థం కావడానికి నేను ఊహించుకున్నవి. ఆడవాళ్ల సగటు పట్టు 70 ఏళ్లకు 17 కిలోలు, 75కి 16, 80కి 14.5 అనుకుందాం. సగటు నడక వేగం 70కి 0.85, 75కి 0.78, 80కి 0.70 అనుకుందాం. అమ్మగారి మంచి నొక్కు 16 కిలోలు, నాలుగు మీటర్లకు పట్టిన కాలం 5.7 సెకన్లు, అంటే వేగం 0.70. చేయి చెప్పే వయసు 75, కాళ్లు చెప్పే వయసు 80.

ఈ రెంటినీ కలిపి సగటు తీసి "మీ వయసు 77న్నర" అని చెప్పేవాళ్లున్నారు. నాకది నచ్చదు. రెండు అంకెల మధ్య తేడాలోనే అసలు సమాచారం ఉంది. చేయి ఒక మోస్తరుగా ఉండి కాళ్లు బాగా వెనకబడ్డాయంటే ఒళ్లంతా ఒకేలా ముదరడం లేదు. మోకాళ్లా, చూపా, తూకం తప్పడమా, పడిపోతానన్న భయమా, అటు వెతకాలి. చేయి, కాళ్లు రెండూ సమానంగా తగ్గితే కండ క్షీణత, తిండిలో ప్రోటీను లోటు, దీర్ఘరోగాలు ముందుగా తడతాయి.

ఇంకొక ఇబ్బంది ఉంది, అది పట్టికలోనే దాగి ఉంది. 70కీ 75కీ మధ్య సగటు పట్టులో తేడా ఒక్క కిలోయే అయినప్పుడు, ఆ రోజు నొప్పితో ఒక కిలో తక్కువ నొక్కితే ఐదేళ్ల వయసు మీద పడ్డట్టే కదా. నడకలోనూ అంతే. గడియారం అర సెకను ముందు ఆపి ఉంటే వేగం 0.77 వచ్చేది, 80 కాస్తా 76కి దిగేది. అసలు ఒకే వయసున్న ఇద్దరి మధ్య పట్టులో ఉండే తేడా, ఐదేళ్లలో సగటున తగ్గే పట్టు కంటే చాలా ఎక్కువ. అందుకే గుంపులను పోల్చడానికి ఈ వయసు గట్టిగా నిలబడుతుంది గాని, ఒక్క మనిషికి ఒక్కసారి కొలిచి వయసు ముద్ర వేస్తే నిలవదు.

పైగా ఎవరి పట్టికతో పోల్చుతున్నామన్నది చూడాలి. ప్యూర్ సమాచారంలోనే దక్షిణాసియావాళ్ల పట్టు మిగతా ప్రాంతాలవాళ్ల కంటే తక్కువగా ఉంది. బ్రిటన్ పట్టిక పెట్టి కొలిస్తే, ఆరోగ్యంగా పొలం పని చేసుకునే మన పెద్దావిడ కూడా చాలా ముసలిదాని కింద లెక్కకు వస్తుంది. ఇక్కడివాళ్లకు ఇక్కడి సగటులే కావాలి. 2017-18లో మన దేశంలో మొదటి విడత జరిగిన లాసి సర్వేలో 45 దాటినవాళ్ల పట్టు, 60 దాటినవాళ్ల నడక కొలిచారు. తెలుగు రాష్ట్రాలవాళ్లూ అందులో ఉన్నారు. అలాంటి కొలతలతో పోల్చితేనే వయసు అంకెకు అర్థం.

ఒక మనిషి విషయంలో మరింత నమ్మదగ్గ పోలిక, ఆ మనిషి పాత కొలతతోనే. అదే పరికరం, అదే కుర్చీ, అవే గీతలు, అదే మాట. మన అమ్మగారిని ఆరు నెలల తర్వాత మళ్లీ నడిపిస్తే 0.70 కాస్తా 0.66 అయిందనుకోండి, అది కొలతలో వచ్చే ఊగిసలాట కావచ్చు. 0.60కి పడిపోతే మాత్రం, అంటే సెకనుకు 0.1 మీటరు తగ్గితే, వృద్ధుల వైద్యంలో దాన్ని ఖాయమైన మార్పుగా తీసుకుంటారు. అప్పుడు డాక్టరు చూడవలసిన వాటిలో ముందుండేవి కొత్తగా మొదలుపెట్టిన నిద్రమాత్ర, లేచి నిలబడగానే పడిపోయే బీపీ, ముదిరిన కంటిపొర, బి12 లోటు, పార్కిన్సన్స్ తొలి లక్షణాలు, ఈమధ్య ఎప్పుడైనా కాలు జారి పడి ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఊరుకున్నారా అన్న సంగతి.