ఫార్వర్డ్ రేట్ ఒప్పందం: చెల్లించే సొమ్ము ఎందుకు తగ్గుతుంది?

భవిష్యత్తులో తీసుకోబోయే రుణానికి వడ్డీ రేటును నేడే ఖరారు చేసుకునే ఏర్పాటే ఫార్వర్డ్ రేట్ ఒప్పందం. భారతదేశంలో రిజర్వు బ్యాంకు దీనిని 1999లో అనుమతించింది. ఇందులో అసలు చేతులు మారదు. వడ్డీలోని తేడా మాత్రమే చెల్లిస్తారు.

ఒక సంస్థకు మూడు నెలల తరువాత 91 రోజుల పాటు 10 కోట్ల రూపాయల రుణం అవసరమని అనుకుందాం. అది ఒక బ్యాంకుతో 7 శాతానికి ఒప్పందం చేసుకుంది. రుణం ఆరంభమయ్యే నాటికి మార్కెట్ రేటు 8 శాతానికి చేరింది. ఒక శాతం తేడాపై 91 రోజులకు, సంవత్సరానికి 365 రోజుల లెక్కన, వడ్డీ 2,49,315 రూపాయలు.

అయితే ఈ అదనపు వడ్డీ భారం సంస్థపై పడేది రుణ కాలం ముగిసినప్పుడు. బ్యాంకు చెల్లించేది మాత్రం ఆరంభంలోనే. అందువల్ల ఆ మొత్తాన్ని ఆరంభ తేదీ నాటి విలువకు తగ్గించాలి. 8 శాతం వడ్డీతో 91 రోజులకు ఒక రూపాయి సుమారు 1.019945 రూపాయలవుతుంది. 2,49,315ను దీనితో భాగిస్తే సుమారు 2,44,440 రూపాయలు వస్తుంది. బ్యాంకు చెల్లించవలసినది ఇంతే.

దీనిని సరిచూడడం సులభం. ఈ సొమ్మును 8 శాతానికి మదుపు చేస్తే 91 రోజులలో 4,875 రూపాయల వడ్డీ చేరి, మళ్లీ 2,49,315 అవుతుంది. తగ్గింపు మరచిపోతే బ్యాంకు ఆ 4,875 రూపాయలను అధికంగా చెల్లించినట్లే.

తగ్గింపునకు ఒప్పందపు రేటైన 7 శాతాన్ని వాడడం మరో పొరపాటు. అప్పుడు సుమారు 599 రూపాయలు అదనంగా వెళతాయి. సొమ్ము చేతికందిన రోజున మదుపుకు దొరికేది మార్కెట్ రేటే గనుక తగ్గింపునకూ అదే ప్రమాణం.

మార్కెట్ రేటు 7 శాతం కంటే తగ్గితే చెల్లింపు దిశ మారుతుంది. అప్పుడు సంస్థే బ్యాంకుకు తేడాను చెల్లించాలి. లెక్కకట్టే పద్ధతి మాత్రం మారదు.