పంచదార డబ్బా ఎక్కడుంది?

మూడు నిమిషాల సస్పెన్స్ షార్ట్ ఫిల్మ్ రాయాలని కూర్చున్నవాళ్లకు ముందుగా తట్టేది చివరి ట్విస్టే. అక్కణ్నుంచి మొదలుపెట్టడం మంచి పద్ధతే. అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది. ట్విస్టుకు ఆధారమైన క్లూని ప్రేక్షకుడి కళ్లముందే పెట్టాలి. అతను దాన్ని చూడాలి, చూసి కూడా పట్టించుకోకూడదు. అసలు చూపించకపోతే మోసం చేశారంటాడు. మరీ ఎత్తి చూపితే ముందే కథ చెప్పేస్తాడు. ఇది ఎలా కుదురుతుందో తెలియాలంటే ఒక కథ అల్లి చూడటమే మార్గం.

చివరి షాట్ నుంచి మొదలుపెడదాం. ఒక ఫ్లాట్‌లో బెడ్‌రూమ్. బీరువా తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. నేలమీద ఒక ముసలి దంపతులు, చేతులు కట్టేసి, నోటికి టేపు వేసి ఉన్నారు. అంటే అంతవరకూ మనం ఇంటి ఇల్లాలు అనుకున్న ఆవిడే దొంగ. ఇప్పుడు వెనక్కి నడవాలి. ఆ ఇల్లు ఆవిడది కాదని ఏది చెబుతుంది? సొంత ఇంట్లో మనం చూడకుండా చేసే పనులు కొన్ని ఉంటాయి. స్విచ్‌బోర్డు మీద ఏది లైటుదో, ఏది ఫ్యానుదో చేతికి తెలుసు. పంచదార ఏ డబ్బాలో ఉందో చీకట్లోనైనా చెప్పగలం. పరాయి ఇంట్లో అయితే వెతుక్కోవాలి. మన క్లూ అదే.

ఆవిడ చేత పంచదార వెతికించాలంటే ఎవరో వచ్చి అడగాలి. రాత్రి పదకొండింటికి బెల్లు మోగుతుంది. గుమ్మంలో ముప్పై ఏళ్ల మనిషి. పై ఫ్లోర్‌లో నిన్ననే దిగామంటాడు. పాపకు విరేచనాలు, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు పట్టమన్నారు, ఇంట్లో పంచదార లేదు, మీ బెడ్‌రూమ్‌లో లైటు కనపడితే బెల్లు కొట్టానంటాడు. ఈ ఒక్క మాటకే ఎన్ని పనులున్నాయో చూడండి. నిన్ననే దిగాడు కాబట్టి ఆ ఇంట్లో ఎవరుంటారో అతనికి తెలియదు. లైటు కనపడింది కాబట్టి ఆవిడ తలుపు తీయక తప్పలేదు. అన్నిటికీ మించి, అర్ధరాత్రి వేళ ఎవరి బెడ్‌రూమ్ లైటో గమనించి వచ్చిన మనిషి అనగానే ప్రేక్షకుడికి అతని మీద అనుమానం మొదలవుతుంది. మనకు కావలసింది ఆ అనుమానమే.

సస్పెన్స్‌కీ ఉలికిపాటుకీ తేడా చెప్పడానికి హిచ్‌కాక్ ఫ్రెంచి దర్శకుడు ట్రుఫోకు ఇచ్చిన ఇంటర్వ్యూలో బల్ల కింది బాంబు సంగతి ఎత్తాడు. బాంబు ఉందని ప్రేక్షకుడికి తెలియకుండా పేలితే పదిహేను సెకన్ల ఉలికిపాటు. ముందే చూపించి, బల్ల దగ్గరివాళ్లు కబుర్లు చెప్పుకుంటూ ఉంటే పదిహేను నిమిషాల సస్పెన్స్. మన కథలో కూడా ప్రేక్షకుడికి బాంబు కనిపిస్తూనే ఉంటుంది, గుమ్మంలో నిలబడ్డ ఆ మనిషి రూపంలో. కాకపోతే అసలు బాంబు ఇంకోచోట ఉంది. మొదటి బాంబు వల్లే రెండోదాని మీదికి దృష్టి పోదు.

ఇక వంటింటి సీను. స్క్రిప్టులో ఇలా రాసుకోవచ్చు:

వంటిల్లు. రాత్రి. ఆవిడ ఒక డబ్బా మూత తీస్తుంది. కందిపప్పు. ఇంకోటి తీస్తుంది. రవ్వ. వెనక హాల్లో, కాస్త మసకగా, గుమ్మం బయట ఉండాల్సిన మనిషి లోపలికి ఒక అడుగు వేస్తాడు. గోడల వంక చూస్తున్నాడు. ఆవిడ మూడో మూత తీస్తుంది. చెయ్యి వణికి మూత కిందపడుతుంది.
అతను: సార్ లేరా అక్కా?
ఆవిడ (వెనక్కి తిరగకుండా): పడుకున్నారు.

ఈ షాట్‌లో డబ్బాలు ముందున్నాయి, మనిషి వెనకున్నాడు. అయినా చూసేవాళ్ల కళ్లు వెనకున్న మనిషి మీదికే పోతాయి, ఎందుకంటే భయం అక్కడుంది. పప్పు, రవ్వ చూస్తారు గానీ, పాపం కంగారులో దొరకట్లేదు అనుకుంటారు. క్లూకి అప్పటికప్పుడు ఒక మామూలు కారణం దొరికింది. అది దొరకని క్లూ ఏదైనా తేలిపోతుంది. అదే డబ్బాను క్లోజప్‌లో పెట్టి, కింద సంగీతం మోగించామనుకోండి, సస్పెన్స్ సినిమాలు చూసి పండిపోయిన మన ప్రేక్షకుడు అక్కడికక్కడే పట్టేస్తాడు.

ఆవిడ భయం అబద్ధం కాదన్న సంగతి కూడా ముఖ్యం. పరాయి మగాడు ఇంట్లోకి వచ్చాడన్న భయంగా మనం చదువుకున్నాం, దొరికిపోతానేమోనని ఆవిడ భయపడింది. ముఖం అదే, వణుకు అదే. ‘పడుకున్నారు’ అన్న మాటకూ రెండర్థాలున్నాయి. అందుకే ఈ ఫిల్మ్ బెల్లు మోగడంతోనే మొదలవ్వాలి. అంతకుముందు ఆవిడ తీరిగ్గా టీవీ చూస్తున్నట్టో, దేవుడికి దండం పెట్టుకుంటున్నట్టో ఒక షాట్ పెడితే అది పచ్చి మోసం. ఎవరూ చూడనప్పుడు ఆవిడకు ఇల్లాలిగా నటించాల్సిన అవసరమే లేదు. కెమెరా కొన్నిటిని చూపించకపోవచ్చు, లేనిదాన్ని మాత్రం చూపించకూడదు.

కాలం లెక్క చూద్దాం. స్క్రిప్టు పేజీకి ఒక నిమిషం అన్న లెక్క హాలీవుడ్ ఇంగ్లిష్ స్క్రిప్టుల అచ్చు కొలతది. తెలుగులో రాసుకునేవాళ్లు గడియారం పెట్టుకుని, మౌనాలతో సహా నటించి చూసుకోవడమే మేలు. మొదటి పాతిక సెకన్లలో బెల్లు, చీకటి హాలు. ఆవిడ స్విచ్ నొక్కితే ఫ్యాను తిరుగుతుంది, ఇంకోటి నొక్కితే లైటు వెలుగుతుంది. ఇది తొలి క్లూ, అర సెకను చాలు. గుమ్మం దగ్గర మాటలకు ముప్పావు నిమిషం, వంటింటికి ఇంకో ముప్పావు నిమిషం. పంచదార తీసుకుని అతను దండం పెట్టి వెళ్లేదాకా అర నిమిషం. తలుపు మూసి, గొళ్లెం పెట్టి, ఆవిడ బెడ్‌రూమ్ వైపు నడిచే షాట్‌లో ప్రేక్షకుడు హమ్మయ్య అనుకోవాలి. చివరి షాట్‌కు పది సెకన్లు మిగిలితే చాలు. క్లూకీ ట్విస్టుకూ మధ్య ఈ ఎడం ఉండాలి. పక్కపక్కనే పెడితే రెండూ ఒకేసారి అర్థమైపోతాయి.

మూడు నిమిషాల్లో ఇంతకుమించి పట్టదు. స్వీడన్ దర్శకుడు డేవిడ్ శాండ్‌బర్గ్ 2013లో తన భార్య లొట్టా లోస్టెన్‌తో తీసిన ‘లైట్స్ అవుట్’ మూడు నిమిషాల లోపే. ఒక ఇల్లు, ఒక మనిషి, ఒక స్విచ్. అందులోంచే 2016లో పెద్ద సినిమా పుట్టింది. మన కథలో దొంగకు ఒక గతం, పై ఫ్లోర్ అతనికి ఒక రహస్యం కలపాలనిపిస్తుంది. కలపొద్దు.

స్క్రిప్టు కుదిరిందో లేదో తెలుసుకోవడానికి, కథ తెలియని ఇద్దరు ముగ్గురికి చదివి వినిపించండి. చివర్లో ‘ఓహో, అందుకా డబ్బాలన్నీ వెతికింది’ అంటే కుదిరినట్టే. ‘నాకు ముందే తెలుసు’ అంటే ఏ వాక్యం దగ్గర తెలిసిందో అడగండి, ఆ వాక్యం బరువు తగ్గించండి. ‘అదెలా?’ అని అడిగితే మాత్రం క్లూ సరిపోలేదు. చాలా షార్ట్ ఫిల్ములలో చేసినట్టు పాత షాట్లన్నీ నలుపు తెలుపులో మళ్లీ వేసి చెప్పే పని పెట్టుకోకండి. పది సెకన్ల కోసం దాచుకున్నదంతా అక్కడ పోతుంది. కట్టేసిన చేతులు కనపడగానే తెర చీకటి చేసి పేర్లు వేసేయండి.