ప్యాకేజీ ముప్పై ఐదు వేలు, చేతికి ఇరవై ఏడున్నర

జూలై నెలాఖరున మా అక్క కూతురు హైదరాబాదు నుంచి ఫోన్ చేసింది. ఏడుపొక్కటే తక్కువ. "పిన్నీ, ఆఫర్ లెటర్‌లో ఏడాదికి నాలుగు లక్షల ఇరవై వేలని రాశారు. అంటే నెలకు ముప్పై ఐదు వేలు కదా! అకౌంట్లో 22,139 పడ్డాయి. నన్ను మోసం చేశారా?" అంది.

పదహారేళ్లుగా జీతాల లెక్కలు కట్టడమే నా పని. మొదటి జీతం పడ్డ రోజు ఇదే ప్రశ్నతో మా సెక్షన్‌కి వచ్చిన పిల్లలు ఎందరో. స్లిప్ తెరవకముందే మోసమనో, తెరిచాక అర్థంకాకో చాలామంది అక్కడే ఆగిపోతారు. "పేస్లిప్, ఆఫర్ లెటర్ రెండూ పక్కపక్కన పెట్టుకో. ఒక్కో అంకె చదువు" అన్నాను.

ముందు ఆఫర్ లెటర్. అందులో రాసిన నాలుగు లక్షల ఇరవై వేలు సీటీసీ. మనిషిని ఉద్యోగంలో పెట్టుకున్నందుకు కంపెనీకి ఏడాదికి అయ్యే మొత్తం ఖర్చు అది. జీతం అందులో ఒక భాగమే. ఆమె లెటర్ చివరి పేజీలోని పట్టికలో నెలవారీ లెక్క ఇలా ఉంది: కంపెనీ తన వంతుగా కట్టే పీఎఫ్ 1,800, గ్రాట్యుటీ కింద 722, ఆరోగ్య బీమా ప్రీమియం 478, పనితీరును బట్టి ఏడాది చివర ఇచ్చే వేరియబుల్ పే నెలకు 2,500. ఈ నాలుగూ కలిపితే 5,500. ముప్పై ఐదు వేలలోంచి అవి తీసేస్తే మిగిలేది 29,500. స్లిప్‌లో గ్రాస్ అని కనిపించే అంకె ఇదే. అంటే ఆమె వెతుకుతున్న డబ్బులో పెద్ద భాగం స్లిప్‌లోకి రానేలేదు, కోత పడేందుకు అక్కడ ఏమీ లేదు.

ఈ నాలుగింటిలో గ్రాట్యుటీ గురించి ఎవరూ సరిగా చెప్పరు. ఏడాది సర్వీసుకు పదిహేను రోజుల జీతం చొప్పున, నెలకు ఇరవై ఆరు రోజులుగా లెక్కకట్టి ఇస్తారు. పదిహేను వేల బేసిక్ మీద ఐదేళ్లకు సుమారు 43,000 వస్తుంది. కానీ పర్మనెంట్ ఉద్యోగి మామూలుగా రాజీనామా చేసి వెళ్తే ఐదేళ్లు నిండితేనే అది చేతికి వస్తుంది. మూడేళ్లకే మానేస్తే ప్రతి నెలా ప్యాకేజీలో లెక్కేసి చూపించిన ఆ 722 రూపాయలు రావు. రెండు కంపెనీల ఆఫర్లు పోల్చుకునేటప్పుడు సీటీసీని పక్కన పెట్టి, "గ్రాస్ ఎంత? అందులో కచ్చితంగా నెలనెలా ఇచ్చేది ఎంత?" అని అడగాలి. హెచ్ఆర్ వాళ్లు ఈ ప్రశ్నకు నొచ్చుకోరు, జవాబు వాళ్ల దగ్గర తయారుగానే ఉంటుంది.

ఇక స్లిప్. ఎడమవైపు రాబడి, కుడివైపు కటింగులు. రాబడిలో మొదటిది బేసిక్, 15,000. తర్వాత ఇంటి అద్దె కింద హెచ్ఆర్ఏ 6,000, కన్వేయన్స్ 1,600, స్పెషల్ అలవెన్స్ 6,900. కూడితే 29,500.

వీటిలో అసలు బరువు బేసిక్‌ది. పీఎఫ్, గ్రాట్యుటీ దాని మీదే నడుస్తాయి. స్పెషల్ అలవెన్స్ అన్న పేరు చూసి ప్రత్యేకంగా ఏదో ఇచ్చారనుకుంటారు. మిగతావన్నీ పంచాక గ్రాస్‌కు సరిపెట్టే పద్దు అది. ఒకప్పుడు కొన్ని కంపెనీలు బేసిక్ ఏడెనిమిది వేలు పెట్టి, మిగతాదంతా అలవెన్సుల్లో చూపించేవి. చేతికి నాలుగు రూపాయలు ఎక్కువ వచ్చేవి, పీఎఫ్ మాత్రం పలచనయ్యేది. అందరికీ ఒకేలా ఇచ్చే స్పెషల్ అలవెన్సును పీఎఫ్ లెక్కలోంచి తప్పించడానికి వీల్లేదని 2019లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు కూడా అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే దాటిన భాగాన్ని వేతనంగానే లెక్కకట్టమంటున్నాయి. అందుకే, బేసిక్ బాగా చిన్నదిగా కనిపిస్తే ఎందుకని అడగడం తప్పు కాదు.

హెచ్ఆర్ఏ చూసి పన్ను తగ్గుతుందని ఆశపడకూడదు. అద్దె రసీదులు చూపించి మినహాయింపు తీసుకోవడం పాత పన్ను విధానంలోనే కుదురుతుంది. మనం ఏదీ ఎంచుకోకపోతే కంపెనీ కొత్త విధానంలోనే లెక్క కడుతుంది. అయినా మా పిల్లకు ఆ చింత లేదు. కొత్త విధానంలో జీతం ఏడాదికి పన్నెండు లక్షల డెబ్బై ఐదు వేల వరకు ఉన్నవాళ్లకు స్టాండర్డ్ డిడక్షన్, రిబేటు పోను పన్ను పడదు. అందుకే ఆమె స్లిప్‌లో టీడీఎస్ గడి ఖాళీ. దాని గురించి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

కుడివైపు ఆమెకు రెండే కటింగులు. ఒకటి వృత్తి పన్ను, 200. ఇది రాష్ట్ర ప్రభుత్వానికి వెళ్తుంది. తెలంగాణలోనూ ఆంధ్రాలోనూ నెలకు పదిహేను వేల వరకు ఏమీ లేదు, ఇరవై వేల వరకు 150, ఆపైన 200. ఈ డబ్బు తిరిగి రాదు. గ్రాస్ ఇరవై ఒక్క వేలు దాటనివాళ్ల స్లిప్‌లో ఈఎస్ఐ కూడా ఉంటుంది. నూటికి డెబ్బై ఐదు పైసలు, అంటే ఇరవై వేలకు 150 రూపాయలు. దానికి బదులుగా కుటుంబానికి ఈఎస్ఐ ఆసుపత్రుల్లో వైద్యం అందుతుంది.

రెండోది పీఎఫ్. బేసిక్‌లో పన్నెండు శాతం, 1,800. కొత్త పిల్లలకు ఎక్కువ కోపం తెప్పించే కటింగ్ ఇదే. "నాకు పీఎఫ్ వద్దు మేడమ్, ఆ డబ్బు జీతంలోనే ఇచ్చేయండి" అని అడిగినవాళ్లు ఎంతమందో. వాళ్లకు చెప్పేదే మా అమ్మాయికీ చెప్పాను. వృత్తి పన్ను పోయిన డబ్బు, పీఎఫ్ నీ పేరున దాచిన డబ్బు. రెండూ ఒకే వరుసలో అచ్చవుతాయి కాబట్టి ఒకేలా కనిపిస్తాయి. పైగా నువ్వు కట్టినంతా కంపెనీ కూడా కడుతుంది. ఆ 1,800లో 1,250 పింఛను పథకానికి, 550 నీ పీఎఫ్ ఖాతాకు వెళ్తుంది. పాస్‌బుక్‌లో కంపెనీ వాటా గడిలో 550 మాత్రమే చూసి మిగతాది మింగేశారని గొడవపడొద్దు, పింఛను గడి పక్కనే ఉంటుంది.

అంటే పూర్తి నెలలో గ్రాస్ 29,500, కటింగులు 2,000, చేతికి 27,500. మరి 22,139 ఎలా వచ్చింది?

"స్లిప్ పైభాగంలో పెయిడ్ డేస్ అని ఉందా?" అని అడిగాను. 25 అని ఉందంది. ఆమె చేరింది జూలై 7న. ముప్పై ఒక్క రోజుల నెలలో ఇరవై ఐదు రోజుల జీతం. ప్రతి పద్దునూ 31తో భాగించి 25తో గుణిస్తే బేసిక్ 12,097, హెచ్ఆర్ఏ 4,839, కన్వేయన్స్ 1,290, స్పెషల్ 5,565. మొత్తం 23,791. బేసిక్ తగ్గింది కాబట్టి పీఎఫ్ కూడా 1,452కు తగ్గింది. గ్రాస్ ఇంకా ఇరవై వేల పైనే ఉంది కాబట్టి వృత్తి పన్ను 200 అలాగే ఉంది. 1,652 తీసేస్తే సరిగ్గా 22,139. ఫోన్‌లోనే క్యాలిక్యులేటర్ నొక్కుతూ చివరి అంకె కలిసేసరికి అవతలివైపు పెద్ద నిట్టూర్పు వినిపించింది.

ఈ పెయిడ్ డేస్ గడిని ప్రతి నెలా చూడాలి. నేను చూసిన తప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి. సెలవు పెట్టుకున్నా మేనేజరు సిస్టమ్‌లో ఆమోదించడం మరిచిపోతే అది జీతంలేని సెలవుగా పడుతుంది. అటెండెన్స్ లెక్క నెల చివరి దాకా ఆగదు. ఇరవయ్యో తారీఖుకో, ఇరవై ఐదుకో మూసేసి జీతాలు వేస్తారు. ఆ తర్వాత సరిదిద్దిన సెలవు వచ్చే నెల స్లిప్‌లో అరియర్స్ కింద రావాలి. రాకపోతే వెంటనే మెయిల్ పెట్టాలి. ఆరు నెలల తర్వాత అడిగితే వెనక్కి వెళ్లి వెతకడం అందరికీ కష్టం.

ఇంతకంటే పెద్ద తప్పు స్లిప్‌లో కనిపించదు. నా మొదటి ఉద్యోగంలో అదే జరిగింది. చిన్న సంస్థ. ప్రతి నెలా స్లిప్‌లో పీఎఫ్ కటింగ్ నీటుగా అచ్చయ్యేది. మానేశాక డబ్బు కోసం దరఖాస్తు పెడితే ఖాతాలో ఎనిమిది నెలల సొమ్ము లేదు. మా దగ్గర కోసిన డబ్బు ఆఫీసుకు కట్టలేదు. ఉద్యోగి వాటా కోసుకుని కట్టకపోవడం చట్టం దృష్టిలో నమ్మకద్రోహ నేరం. కాగితం స్లిప్పులన్నీ మా అమ్మ బీరువాలో చీరల కింద దాచి ఉంచింది కాబట్టి పీఎఫ్ ఆఫీసులో చూపించగలిగాను. డబ్బు వచ్చేసరికి ఏడాదిన్నర పట్టింది. అప్పటి నుంచి ఎవరు అడిగినా స్లిప్‌లను కంపెనీ పోర్టల్లో వదిలేయొద్దని, ప్రతి నెలా సొంత మెయిల్‌కో ఫోన్‌కో దింపుకోమని చెబుతున్నాను. ఉద్యోగం మానేసిన సాయంత్రమే ఆ పోర్టల్ తలుపు మూసుకుపోతుంది.

ఇప్పుడు కనిపెట్టడం తేలికే. కంపెనీ ఒక నెల పీఎఫ్‌ను తర్వాతి నెల పదిహేనో తారీఖులోగా కట్టాలి. స్లిప్ మీద ఉండే పన్నెండు అంకెల యూఏఎన్‌ను యాక్టివేట్ చేసుకుంటే ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ చూడొచ్చు. స్లిప్‌లో కోసిన అంకె, పాస్‌బుక్‌లో ఉద్యోగి వాటా అంకె ఒకటే కావాలి. రెండు నెలలు వరసగా ఖాళీ కనిపిస్తే ముందు హెచ్ఆర్‌కు రాతపూర్వకంగా, అప్పటికీ కదలిక లేకపోతే ఈపీఎఫ్ఓ ఫిర్యాదుల పోర్టల్ EPFiGMSలో పెట్టాలి. ఉద్యోగం మారినా ఇదే యూఏఎన్ ఇవ్వాలి, రెండోది తీసుకోకూడదు. పింఛనుకు పదేళ్ల సర్వీసు కావాలి. మారినప్పుడల్లా పీఎఫ్‌తో పాటు పింఛను సొమ్మునూ తీసేసుకుంటే ఆ ఏళ్ల లెక్క చెరిగిపోతుంది.

ఆగస్టు ఇరవైన అమ్మాయి వాట్సాప్‌లో పాస్‌బుక్ ఫోటో పంపింది. ఉద్యోగి వాటా 1,452, కంపెనీ వాటా 444, పింఛను 1,008. కింద ఒక ప్రశ్న: "పిన్నీ, లెక్క సరిపోయింది. కానీ ఇందులో నా పేరు ఇంటిపేరు లేకుండా ఉంది, ఆధార్‌లో ఇంటిపేరుతో ఉంది. పరవాలేదా?"

పరవాలేదు కాదు, ఈ వారమే మార్పించుకో అని రాశాను. పేరు కలవకపోతే రేపు డబ్బు తీసుకునే రోజున దరఖాస్తు తిప్పి పంపుతారు. ఇప్పుడు హెచ్ఆర్ పక్క గదిలోనే ఉన్నారు.