ఆపరేషన్ మెసేజ్ వచ్చిందా? గడియారం ఎనకకు తిప్పి లెక్కపెట్టండి

ఇంట్ల ఎవరికో హెర్నియానో, గర్భసంచో, పిత్తాశయంల రాళ్లో ఆపరేషన్ ఉందనుకోండి. డేట్ ఖాయమైనంక ఆస్పత్రి నుంచి ఫోన్‌కి ఒక మెసేజ్ వస్తది, లేకుంటె ఓపీ చీటీ మీదనే రాసిస్తరు. అండ్ల నాలుగు ముక్కలే ఉంటయి. ఎన్ని గంటలకు రావాలె, ఎప్పటి నుంచి తినొద్దు, ఏ కాయితాలు తేవాలె, వెంట ఎవరుండాలె. చర్ల, దుమ్ముగూడెం, వెంకటాపురం దిక్కు ఊర్లల్ల ఆ మెసేజ్ సదివి పెద్దోళ్లకు చెప్పేది ఇంట్ల ఫోన్ పట్టుకున్న పిల్లలే, అంటె మీరే. మీరు ఒక్క ముక్క తప్పు చెప్తె ఆపరేషన్ వాయిదా పడ్తది, కూలి పోతది, కిరాయి పోతది. ఇంకో రకం తప్పయితె ప్రాణం మీదికి వస్తది.

ఒక లెక్క చేసి చూద్దాం. చర్ల అవతల అడవి ఊర్ల ఉండే ఒక రైతుకు గజ్జల్ల హెర్నియా ఉంది. ఖమ్మంల ఆపరేషన్. మెసేజ్ ఇట్ల వచ్చిందనుకోండి: "14న అడ్మిషన్, అదే రోజు ఆపరేషన్. ఉదయం 7కు రిపోర్ట్ చేయాలి. 12 AM నుంచి NBM. ఆధార్, రేషన్ కార్డు, పాత రిపోర్టులు తేవాలి. ఒక అటెండెంట్ తప్పనిసరి."

NBM అంటె నోట్లకు ఏమీ పోవద్దని. కొన్ని ఆస్పత్రులు NPO అని రాస్తయి, రెండింటి అర్థం ఒకటే. ఇగ అసలు తిరకాసు 12 AM కాడ ఉంది. 14న 12 AM అంటె 13 రాత్రి పోయి 14 మొదలయ్యే అర్ధరాత్రి. దీన్ని 14 మధ్యాహ్నం పన్నెండు అనుకొని పొద్దున టిఫిన్ చేసొచ్చేటోళ్లు ఉంటరు. అందుకే ఇంట్ల చెప్పేటప్పుడు ఏఎం, పీఎం అనొద్దు. "పదమూడో తారీఖు రాత్రి బువ్వ తిన్నంక ఇగ ఏమీ తినొద్దు" అని చెప్పండి.

ఖాళీ కడుపు ఎందుకు అడుగుతరు

మనం మెలకువల ఉన్నప్పుడు కడుపులది పైకొస్తె గొంతు దానంతటదే మూసుకుంటది, దగ్గొస్తది. మత్తిచ్చినంక ఆ కాపలా ఉండదు. కడుపుల ఉన్న అన్నం, పులుపు నీళ్లు పైకొచ్చి గాలిగొట్టంలకు జారితె ఊపిరితిత్తులు కాలినట్లయితయి, ఊపిరి ఆడదు. కర్టిస్ మెండెల్సన్ అనే అమెరికా డాక్టర్ 1946ల ఈ సంగతి రాసిండు. న్యూయార్క్ ఆస్పత్రిల కాన్పు టైంల మత్తు తీసుకున్న ఆడోళ్లల్ల 66 మందికి ఇట్ల కడుపులది ఊపిరితిత్తులకు పోయిందని లెక్క చూపెట్టిండు. అప్పటి సంది ఖాళీ కడుపు అనేది గట్టి నియమం అయింది.

"నాకు నడుముకే సూది, నేను నిద్రపోను కదా, తింటె ఏమైతది?" అని కొందరు అంటరు. నడుము సూదికి బీపీ పడిపోయి వాంతి రావచ్చు. సూది సరిగ పనిచెయ్యకపోతె అప్పటికప్పుడు పూర్తి మత్తు ఇయ్యాల్సి వస్తది. అందుకే దానికీ ఖాళీ కడుపే.

మత్తు డాక్టర్లు సాధారణంగ పాటించే లెక్క ఇది. నూనెది, మాంసంది, కడుపునిండ తిన్నదైతె 8 గంటలు. ఇడ్లీ అసొంటి తేలిక తిండి, పాలు అయితె 6 గంటలు. తల్లి పాలు అయితె 4 గంటలు. ఉత్త నీళ్లయితె 2 గంటలు.

మన దగ్గర గడబిడ అయ్యేది ఇక్కడనే. అంబలి, జావ, గంజి తాగినోళ్లు "ఏం తినలే సారూ, జెర జావ తాగిన" అంటరు. కడుపుకు జావ అంటె తిండే. పాల చాయ్ నీళ్ల లెక్కల రాదు, పాల లెక్కల వస్తది. మజ్జిగ కూడ అంతే. తాటికల్లు, ఇప్పసారా అయితె అసలే వద్దు, ముందురోజు నుంచే బంద్ పెట్టాలె. గుట్కా, చుట్ట, బీడీ గూడ అంతే. పెద్దోళ్లను "ఏమన్న తిన్నవా?" అని అడిగితె లేదంటరు. "పొద్దున లేచినంక నోట్లె ఏమేం ఏసుకున్నవ్, తాతా?" అని అడగండి, అప్పుడు అన్ని బయటపడ్తయి.

పొరపాటున తింటె దాచొద్దు. ఇంత దూరం వచ్చి వాయిదా పడ్తదని నర్సుకు అబద్ధం చెప్పేటోళ్లు ఉంటరు. ఏం తిన్నరో, ఎన్నింటికి తిన్నరో చెప్తె డాక్టర్ కొన్ని గంటలు ఆగి చేస్తడు, లేకుంటె తెల్లారి చేస్తడు. పోయేది ఒక రోజు కూలి. దాస్తె పోయేది మనిషి.

ఎక్కువ మాడ్చుడు గూడ తప్పే

ఇప్పుడు మన రైతు లెక్క కొస్తం. భద్రాచలం నుంచి ఖమ్మం దాదాపు 120 కిలోమీటర్లు. చర్ల నుంచి భద్రాచలం ఇంకో 60 దాక ఉంటది. ఊరి నుంచి చర్లకు ఆటోనో, బండో. పొద్దున 7కు ఖమ్మంల ఉండాలంటె 13 మధ్యాహ్నమే ఇల్లు కదలాలె. రాత్రి ఆస్పత్రి దగ్గర్ల ఉండేటట్టు చూసుకోవాలె, తొమ్మిదింటి లోపల తేలికగ బువ్వ తినాలె. చాలామంది ఏం చేస్తరంటె, ఊర్ల మధ్యాహ్నం తిని బస్సెక్కుతరు, రాత్రి ఏమీ దొరకక అట్లనే పండుకుంటరు.

7 గంటలు అనేది రిపోర్ట్ చేసే టైం, ఆపరేషన్ టైం కాదు. ఆ టైంల ఫైల్ రాస్తరు, బీపీ, షుగర్ చూస్తరు, చేతికి సూది పెడ్తరు, సంతకాలు తీసుకుంటరు. థియేటర్ల మనోని వంతు తొమ్మిదింటికి రావచ్చు, మధ్యాహ్నం రెండింటికి రావచ్చు. ముందురోజు మధ్యాహ్నం ఒంటిగంటకు తిన్నోడు రెండింటికి లోపలికి పోతె 25 గంటలు ఉపాసం ఉన్నట్టు. నీళ్లు గూడ అర్ధరాత్రి నుంచే బంద్ చేస్తె 14 గంటలు గొంతు తడవనట్టు.

మరి నీళ్లకు 2 గంటలే చాలంటె 12 AM అని ఎందుకు రాస్తరు? వరుస మారుతది, ముందున్నోని ఆపరేషన్ ఆగితె ఎనకున్నోన్ని పిలుస్తరు. అందరికీ ఒకటే మాట చెప్పుడు ఆస్పత్రికి సులువు. అందుకని మీ అంతట మీరు నీళ్లు తాగిపియ్యొద్దు. కానీ అడగొచ్చు. "మా వంతు ఎన్నోది? నీళ్లు ఎన్నింటి దాక తాగొచ్చు?" అని ముందే మత్తు డాక్టర్‌నో, వార్డు నర్సునో అడగండి. వంతు లేటయితె మళ్లీ అడగండి.

ముగ్గురి విషయంల ఈ ప్రశ్న తప్పకుండ అడగాలె. మొదలు షుగర్ ఉన్నోళ్లు. ఉపాసం ఉండి రోజూ ఏసుకునే షుగర్ గోలీ ఏసుకున్నా, ఇన్సులిన్ తీసుకున్నా షుగర్ పడిపోతది. చెమట, వణుకు, కళ్లు తిరుగుడు కనబడితె వెంటనే నర్సును పిలవాలె. రెండోది బీపీ, గుండె మందులు, రక్తం పల్చబడే మందులు వాడేటోళ్లు. కొన్ని గోలీలు పొద్దున గుక్కెడు నీళ్లతో ఏసుకొమ్మంటరు, కొన్ని చాన రోజుల ముందే ఆపమంటరు. మెసేజ్‌ల ఇది ఉండదు. గోలీల షీట్లే పట్టుకపోయి చూపెట్టండి.

మూడోది సికిల్ సెల్. మన కోయ ఊర్లల్ల ఈ రక్త జబ్బు ఉంది. 2023 జులై 1న కేంద్రం సికిల్ సెల్ మిషన్ మొదలుపెట్టింది, దాంట్ల భాగంగ గిరిజన ప్రాంతాలల్ల పరీక్షలు చేస్తున్నరు. ఈ జబ్బు ఉన్నోళ్లకు ఒంట్ల నీళ్లు తగ్గితె రక్తకణాలు కొడవలి లెక్క వంగి నరాలల్ల ఇరుక్కుంటయి, ఒళ్లు నొప్పులు లేస్తయి, ఊపిరికి గూడ ఇబ్బంది అయితది. అందరి లెక్కనే రాత్రి నుంచి నీళ్లు బంద్ పెడ్తె వీళ్లకు ముప్పు. పరీక్ష చేసిన కార్డు ఉంటె ఆధార్ కంటె ముందు అది చూపెట్టండి. అప్పుడు డాక్టర్ సెలైన్ పెట్టుడో, వంతు ముందుకు జరుపుడో చేస్తడు.

కాయితాలు, వెంట మనిషి

ఆరోగ్యశ్రీ కింద ముందుగ అనుకున్న ఆపరేషన్ అయితె ఆస్పత్రి కాయితాలు పంపి ట్రస్టు నుంచి మంజూరు తెచ్చుకోవాలె. రేషన్ కార్డుల ఒక తీరు, ఆధార్‌ల ఇంకో తీరు పేరుంటె అక్కడ ఆగుతది. మన దగ్గర ఇంటిపేరు ఒకదాంట్ల ముందు, ఒకదాంట్ల ఎనక పడుడు మామూలే. మెసేజ్ వచ్చిన రోజే రెండు కార్డులు పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటె బయలెల్లక ముందే ఆస్పత్రిల ఉండే ఆరోగ్యమిత్రకు చెప్పండి.

సరిహద్దు ఊర్లోళ్లకు ఇంకో చిక్కు ఉంది. కూనవరం, చింతూరు, వీఆర్ పురం, ఎటపాక మండలాలు 2014ల ఆంధ్రలకు పోయినయి. దగ్గరి పెద్ద ఆస్పత్రి భద్రాచలమే, కార్డు మాత్రం వేరే రాష్ట్రంది. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి అడవిల ఉంటున్న గొత్తికోయ కుటుంబాలల్ల చాలామందికి ఇక్కడి రేషన్ కార్డే లేదు. వీళ్లు "మా కార్డు ఇక్కడ నడుస్తదా, ఏ పథకం కింద?" అనేది అడ్మిషన్ రోజు కాదు, డేట్ ఇచ్చిన రోజే అడగాలె.

వెంట పోయేటోన్ని ఖాళీగ ఉన్నోడని కాదు, పని తెలిసినోడని తీస్కపోవాలె. రోగికి కోయ మాటనే వస్తె, కోయ, తెలుగు రెండూ వచ్చిన మనిషి ఉండాలె. "ఏమన్న తిన్నరా, ఏ మందు పడదు?" అని నర్సు అడిగినప్పుడు సరిగ చెప్పేటోడు కావాలె. రోగి లోపలికి పోయేటప్పుడు ముక్కుపుడక, గాజులు, కట్టుడుపళ్లు తీసి ఇతనే దాచిపెట్టాలె. గోర్లకు రంగు ఉంటె ముందే చెరపాలె, ఏలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్పు దాని మీద సరిగ సూపెట్టకపోవచ్చు. ఆపరేషన్ నడుస్తున్నంతసేపు థియేటర్ బయటనే ఉండాలె, రక్తమో మందో సంతకమో కావాలంటె పిలుస్తరు. బయటికొచ్చినంక రోగి నీళ్లడుగుతడు. పాపమని తాగిపియ్యొద్దు, నర్సు చెప్పినంకనే. నడుము సూది అయితె కాళ్లు కొన్ని గంటలు మొద్దుబారి ఉంటయి, ఒక్కన్నే లేవనియ్యొద్దు, పడతడు.

ఇగ ఆస్పత్రులను అడగాల్సింది గూడ ఒకటుంది. మెసేజ్ తెలుగుల రాయాలె. 12 AM, NBM అని కాకుండ "13 రాత్రి 9 లోపల తినండి, నీళ్లు ఇన్ని గంటల దాక" అని రాయాలె. సదువు రానోళ్లకు కోయ మాటల ఒక ఫోన్ కాల్ చెయ్యాలె. దూరం ఊర్లోళ్లకు ముందురోజే బెడ్ ఇయ్యాలె. ఇదేం పెద్ద ఖర్చు కాదు. 180 కిలోమీటర్ల అవతలోనికి, గల్లీ అవతలోనికి ఒకటే మెసేజ్ పంపుతె, దూరపోడే ఎక్కువ మాడ్తడు, వాని ఆపరేషనే ఎక్కువసార్లు వాయిదా పడ్తది.