గైడులోని అచ్చుతప్పు కూడా కంఠస్థమైతే

"గంటకు 72 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న రైలు ఒక స్తంభాన్ని 15 సెకన్లలో దాటింది. రైలు పొడవెంత?" పోటీ పరీక్షల గైడుల్లో తరచూ కనిపించే లెక్క ఇది. జవాబు 300 మీటర్లు. అచ్చుతప్పు పడి గైడులో 350 అని ఉందనుకుందాం. లెక్క తెలిసిన పిల్ల సెకనుకు 20 మీటర్ల చొప్పున 300 అని తేల్చి, గైడే తప్పని పట్టేస్తుంది. బట్టీ పట్టిన పిల్లవాడు 350 అనే రాస్తాడు. పరీక్ష ఆ గైడులోంచే పెట్టి, ఆ గైడు చూసే దిద్దితే నూటికి నూరు వచ్చేది బట్టీ పట్టినవాడికే. అదే లెక్కను 54 కిలోమీటర్లు, 12 సెకన్లు అని మార్చి అడగండి. ఆ పిల్ల 180 అంటుంది, వాడు తెల్లమొహం వేస్తాడు.

కంప్యూటర్‌కు ఉదాహరణలు చూపించి నేర్పించే విద్యే మెషీన్ లెర్నింగ్. అక్కడ ఈ బట్టీని ఓవర్‌ఫిట్టింగ్ అంటారు. యంత్రం విషయంతో పాటు ఉదాహరణల్లోని మరకల్ని, అచ్చుతప్పుల్ని కూడా పాఠంగానే నేర్చేసుకుంటుంది.

చేతిరాతలో 'ప'నీ 'వ'నీ వేరుచేసే ప్రోగ్రాం తయారు చేస్తున్నామనుకుందాం. తలకట్టు విడిగా ఉంటే 'ప', కలిసిపోతే 'వ'. వంద మంది చేత తలా 20 అక్షరాలు రాయించి 2,000 బొమ్మలు సేకరించాం. 70 మంది రాసిన 1,400 బొమ్మలు యంత్రానికి పాఠ్యపుస్తకం, అంటే ట్రెయినింగ్ సెట్. 15 మంది రాసిన 300 బొమ్మలు ఇంట్లో పెట్టుకునే మోడల్ పేపర్, అంటే వాలిడేషన్ సెట్. మిగిలిన 15 మందివి పబ్లిక్ పరీక్ష, అంటే టెస్ట్ సెట్.

యంత్రం పాఠ్యపుస్తకాన్ని మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చదవడాన్ని ఇపాక్ అంటారు. మన మాటల్లో ఒక రివిజన్. ప్రతి రివిజన్ తర్వాత మోడల్ పేపర్ ఇస్తాం, మార్కులు చూస్తాం, కానీ అందులోని జవాబులు నేర్పించం. ఐదో రివిజన్‌కు పుస్తకంలో నూటికి 88, మోడల్ పేపర్‌లో 85 వచ్చాయనుకోండి. పన్నెండోసారికి 96, 91. నలభయ్యోసారికి పుస్తకంలో నూటికి నూరు, మోడల్ పేపర్‌లో మాత్రం 84. పుస్తకంలో మార్కులు పెరుగుతూ మోడల్ పేపర్‌లో తగ్గడం మొదలైతే బట్టీ మొదలైనట్టే. ఫలానా కాగితం మీది సిరా మరక ఉంటే 'ప' అని యంత్రం గుర్తుపెట్టుకుంటోంది. అప్పుడు పన్నెండో రివిజన్ నాటి యంత్రాన్నే ఉంచుకుంటాం. ఇంకా బాగుపడాలంటే మరింత మంది చేత రాయించాలి, లేదా గుర్తుపెట్టుకునే శక్తి తక్కువున్న చిన్న మోడల్‌ను వాడాలి.

బొమ్మల్ని కలగలిపి పంచకుండా మనుషుల వారీగా ఎందుకు పంచాం? ఒకే మనిషి రాసిన 'ప'లు కొన్ని పుస్తకంలో, కొన్ని మోడల్ పేపర్‌లో పడితే, యంత్రం అక్షరానికి బదులు ఆ మనిషి చేతివాటాన్ని గుర్తుపట్టి మార్కులు కొట్టేస్తుంది. పేపర్ లీకైనట్టే లెక్క. ఫీల్డులో దీన్ని డేటా లీకేజ్ అనే అంటారు.

మోడల్ పేపర్ ఉండగా మూడో భాగం దేనికి? పన్నెండో రివిజన్‌ను ఎంచుకున్నది మోడల్ పేపర్ మార్కులు చూసే. ఇలా పదేపదే దాన్నే చూసి మార్పులు చేస్తుంటే, తెలియకుండానే మనం యంత్రాన్ని ఆ పేపర్‌కు తగ్గట్టు మలిచేస్తాం. అందుకే టెస్ట్ సెట్‌ను సీలు వేసి ఉంచి, అంతా అయ్యాక ఒక్కసారి తెరవాలి.

ఈ నియమం తప్పినందుకు పెద్ద సంస్థకే తలవంపులు వచ్చాయి. బొమ్మల్లో ఏముందో గుర్తించే ఇమేజ్‌నెట్ పోటీలో టెస్ట్ సర్వర్‌కు వారానికి రెండుసార్లే జవాబులు పంపాలనే నియమం ఉండేది. చైనాకు చెందిన బైదూ సంస్థ బృందం పలు ఖాతాలతో అంతకు మించి పంపినట్టు 2015లో నిర్వాహకులు బయటపెట్టారు. బైదూ క్షమాపణ చెప్పింది. పబ్లిక్ పరీక్షను పదేపదే రాస్తూ మార్కులు చూసుకుంటే, అది కూడా మోడల్ పేపర్‌గానే మారిపోతుంది.

ఇంత జాగ్రత్తపడినా ఒక పరిమితి ఉంది. మన వంద మందీ పదో తరగతి పిల్లలే అయితే, మూడు భాగాల్లో ఉన్నదీ పిల్లల రాతే. తాతగారి ఉత్తరంలోని వణికే 'ప'ను ఆ యంత్రం పోల్చుకోగలదో లేదో మన పరీక్ష చెప్పలేదు. ఎవరి కోసం తయారు చేస్తున్నామో వాళ్ల రాతా పరీక్షలో ఉండాలి.

కాబట్టి ఎవరైనా మా యంత్రం నూటికి 98 సార్లు సరిగ్గా చెబుతుందంటే మూడు ప్రశ్నలు అడగండి. ఆ మార్కులు ఏ పేపర్‌లో వచ్చాయి? ఆ పేపర్‌ను ముందే ఎన్నిసార్లు చూశారు? అందులో మాలాంటివాళ్ల ప్రశ్నలున్నాయా? వీటికి జవాబు వచ్చేదాకా ఆ 98ని మార్కులుగా లెక్కించకండి.