సరిహద్దు దాటిన వీడియో

2014 సెప్టెంబరులో జీలం నది పొంగి శ్రీనగరాన్ని ముంచెత్తింది. జమ్మూ కాశ్మీరులో రెండు వందలకు పైగా ప్రాణాలు పోయాయి. ఆ విపత్తును చూపుతున్న వార్తా ప్రసారాలలో ఒక విలేకరి, కన్నకొడుకును పోగొట్టుకొన్న తల్లి ముందు మైకు పెట్టి, కనికరమన్నది లేని ప్రశ్నలు వేశాడు. దేశమంతా ఎందరో దానిని చూసి ఏవగించుకొన్నారు. ఢిల్లీలో ఒక యువకుడు మాత్రం ఆ విలేకరి తీరును అనుకరిస్తూ, ఎగతాళి చేస్తూ, చిన్న వీడియో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టాడు.

అతని పేరు భువన్ బామ్. 1994లో వడోదరలో పుట్టి ఢిల్లీలో పెరిగాడు. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన షహీద్ భగత్ సింగ్ కళాశాలలో చరిత్ర చదివాడు. సాయంత్రాలు భోజనశాలలలో పాటలు పాడేవాడు. గాయకుడు కావాలన్నదే అతని కోరిక. నటుడినవుతాననిగాని, హాస్యగాడినవుతాననిగాని అనుకోలేదు. అటువంటివాని తొలి వీడియో పాకిస్థాన్‌లో చేతి నుండి చేతికి మారుతూ వ్యాపించిపోయింది. ఈ కాలపు మాటలో చెప్పాలంటే వైరల్ అయింది.

తన ఊరిలో కాక పరాయి దేశంలో ఎందుకు పాకిందన్నది ఆలోచించదగిన విషయం. ఒక కారణం భాష. ఢిల్లీ వీధులలో మాట్లాడే హిందీకి, పాకిస్థాన్ నగరాలలో మాట్లాడే ఉర్దూకు లిపిలో ఎంత దూరమున్నా సంభాషణలో అంత దూరం లేదు. రెండవ కారణం విషయం. ఏడుస్తున్న తల్లిని పట్టుకొని 'మీకెలా అనిపిస్తున్నది?' అని అడిగే విలేకరులు సరిహద్దుకు రెండు వైపులా ఉన్నారు. ఆ హాస్యం అర్థం కావడానికి ఢిల్లీ సంగతులేవీ తెలియనక్కరలేదు. మూడవది మరొకటి ఉన్నది. పాకిస్థాన్ ప్రభుత్వం 2012 సెప్టెంబరు నుండి 2016 జనవరి వరకు యూట్యూబ్‌ను నిషేధించింది. ఫేస్‌బుక్ మాత్రం తెరిచే ఉన్నది. ఆ రోజులలో అక్కడి యువతకు చిన్న చిన్న వీడియోలను చూసి ఒకరికొకరు పంపుకొనడానికి అదే రాజమార్గం. భువన్ తన వీడియోను ఫేస్‌బుక్‌లో కాక యూట్యూబ్‌లో పెట్టి ఉంటే అది సరిహద్దు దగ్గరే ఆగిపోయేదేమో!

ఆ ఆదరణ చూసిన ఉత్సాహంతో 2015 జూనులో అతడు 'బీబీ కీ వైన్స్' అనే యూట్యూబ్ ఛానెల్ ప్రారంభించాడు. విచిత్రమేమంటే, తనను మొదట మెచ్చుకొన్న ప్రేక్షకులకు ఆ తలుపు అప్పటికింకా మూసే ఉన్నది. అనగా తొలి వీడియో తెచ్చిన జనాన్ని అతడు అలాగే వెంట తీసుకొని పోలేదు. కొత్తచోట మళ్లీ మొదటి నుండి ఆరంభించవలసి వచ్చింది. వైరల్ వీడియోను గురించి చాలామందికి తెలియని సంగతి ఇదే. వీడియోకు పేరు వస్తుంది, తీసినవానికి రాకపోవచ్చు.

చిన్న పట్టణంలో చదువుకొనే విద్యార్థి ఒకడు రెండు నిమిషాల వీడియో తీశాడనుకొందాం. మిత్రులు దానిని వాట్సాప్‌లో పంపుకొంటారు. వేరెవరో దానిని దించుకొని తమ పేజీలో పెడతారు. మూలను ఉన్న పేరును కత్తిరిస్తారు. నాలుగు చేతులు మారేసరికి బొమ్మ మసకబారుతుంది. అంచులు తెగిపోతాయి. కింద 'ఎవరీ అబ్బాయి?' అని జనం అడుగుతుంటారు. ఈ ప్రశ్న కనబడిందంటే వీడియో యజమాని చేయి దాటిపోయిందని గ్రహించాలి. అనుభవజ్ఞులు అందుకే పేరును మూలను కాక బొమ్మలో విడదీయరాని చోట ఉంచుతారు, లేదా మాటలలోనే చెబుతారు. అసలు ఫైలును తీసిన తేదీతో సహా భద్రపరుస్తారు. మన 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం రచన తయారైన క్షణం నుండే హక్కు పుడుతుంది. రిజిస్టరు చేయించడం తప్పనిసరి కాదు. కాని ఆ హక్కు తనదని చూపవలసి వచ్చినప్పుడు ఆ అసలు ఫైలే సాక్ష్యం.

ఇక డబ్బు సంగతి. యూట్యూబ్ 2018 నుండి అమలు చేస్తున్న నియమం ప్రకారం ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే వేయిమంది చందాదారులు ఉండాలి; పన్నెండు నెలలలో ప్రేక్షకులు నాలుగువేల గంటలు చూసి ఉండాలి. పొట్టి వీడియోలకు వేరే లెక్క ఉన్నది. నాలుగువేల గంటలంటే రెండు లక్షల నలభైవేల నిమిషాలు. మన విద్యార్థి వీడియోను సగటున ఒక్క నిమిషం చూసి వదిలేస్తే రెండు లక్షల నలభైవేల సార్లు చూడబడాలి. ఆ చూడడం అతని ఛానెల్‌లోనే జరగాలి. వాట్సాప్‌లో పది లక్షలమంది చూసినా ఈ లెక్కలో అది సున్న. పరుల పేజీలో ఎన్ని లక్షలు వచ్చినా సున్నయే. ఊరంతా గుర్తుపట్టి పలకరిస్తున్న కుర్రవాని జేబులో పైసా లేకపోవడానికి కారణమిది.

భువన్ ఈ చిక్కును దాటినది రెండవ, మూడవ, పదవ వీడియోలతో. పరికరాలు లేవు, సిబ్బంది లేరు. చేతిలోని ఫోనుకు ముందువైపున్న కెమెరాయే సర్వస్వం. పాత్రలన్నీ తానే. తల్లి, తండ్రి, మేనమామ టీటూ, స్నేహితులు - అందరూ ఒకే ముఖం, వేర్వేరు గొంతులు.

ఈ పద్ధతి చూడడానికి తేలిక, చేయడానికి కాదు. సాధారణంగా ఒక పాత్ర మాటలన్నీ ఒకసారి, మరొక పాత్ర మాటలన్నీ ఇంకొకసారి తీసి, ముక్కలుగా కోసి, ఒకదాని తరువాత ఒకటి అతుకుతారు. మొదటివాడు కుడివైపు చూస్తూ మాట్లాడితే రెండవవాడు ఎడమవైపు చూడాలి. ఇద్దరూ ఒకే వైపు చూస్తే వారు మాట్లాడుకొంటున్నట్లు కాక మూడవవానితో చెబుతున్నట్లుంటుంది. మాటకు, మారుమాటకు నడుమ అరక్షణం ఎక్కువైతే నవ్వు చచ్చిపోతుంది. మరీ తక్కువైతే మొదటి మాట చెవికెక్కదు. ఫోను చేయి దూరంలోనే ఉంటుంది కనుక గొంతు స్పష్టంగా వినబడుతుంది. అదే ఫోనును దూరంగా నిలబెట్టి తీస్తే గది ప్రతిధ్వని మాటను మింగేస్తుంది.

పాత్రలు మారనందువలన మరొక మేలు కలిగింది. మొదటి వీడియోలో ప్రేక్షకుడు నవ్వింది ఒక సంఘటనను చూసి. ఆ సంఘటన పాతబడితే నవ్వూ పాతబడుతుంది. టీటూ మామ పాతబడడు. ఈసారి అతడేమంటాడో వినాలని జనం తిరిగి వస్తారు. 2018లో ఆ ఛానెల్ చందాదారులు కోటి దాటారు. భారతదేశంలో ఒక వ్యక్తి ఒంటరిగా నడిపే ఛానెళ్లలో ఆ సంఖ్యను మొదట చేరినది అదే. 2021లో ఆ పాత్రలతోనే 'ఢిండోరా' అనే ధారావాహికను నిర్మించాడు.

ఆ సంవత్సరమే కోవిడ్ అతని తల్లిని, తండ్రిని స్వల్ప వ్యవధిలో బలిగొన్నది. కన్నవారి దుఃఖాన్ని వేడుకగా మార్చిన విలేకరిని వేళాకోళం చేస్తూ లోకానికి పరిచయమైన యువకుని సొంత దుఃఖం ఇప్పుడు వార్త అయింది. 2014లో అతడు ఎత్తి చూపిన ప్రశ్న - ఏడుస్తున్న మనిషి ముందు మైకు ఎంత దూరంలో ఆగాలన్నది - ఈనాటికీ మన తెరలపై జవాబు లేకుండానే ఉన్నది.